డిపాజిట్‌కి కార్డా, బ్యాంకా, వాలెట్టా? ముందు విత్‌డ్రా పేజీ తెరవండి

ట్రేడింగ్ ఖాతా కానివ్వండి, గేమింగ్ సైటు కానివ్వండి, విదేశీ కంపెనీ దగ్గర పొదుపు ఖాతా కానివ్వండి, డబ్బు వేద్దామని వెళ్తే స్క్రీన్ మీద మూడు బొమ్మలు కనిపిస్తాయి: కార్డు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్, ఈ-వాలెట్. పక్కనే "ఫీజు లేదు" అని పచ్చరంగులో ఉంటుంది. చాలామంది చేతికి ఏది దగ్గరగా ఉంటే అది నొక్కేస్తారు. నేనూ మొదట్లో అంతే. జేబులో క్రెడిట్ కార్డు ఉంది, పదహారు అంకెలు కొట్టాను, అర నిమిషంలో డబ్బు ఖాతాలో కనిపించింది. భలే ఉందే అనుకున్నాను. నెలాఖరు బిల్లులో ఆ లావాదేవీ కింద మరో రెండు లైన్లు ఉన్నాయి. ఒకటి ఫీజు, ఇంకోటి వడ్డీ. కార్డు కంపెనీకి ఫోన్ చేశాను.

"సార్, అది మా దగ్గర క్యాష్ అడ్వాన్స్ కింద పడింది."

"నేను ఏటీఎంకి వెళ్లనే లేదమ్మా!"

"వెళ్లక్కర్లేదు సార్. అవతలివాళ్ల కోడ్ అలా ఉంది."

ఆ కోడ్ సంగతి తర్వాత చెబుతాను. ఆ ఫోన్ తర్వాత నేను పద్ధతి మార్చుకున్నాను. మీరూ ఈ వరసలోనే చేయండి.

మొదటి పని: డబ్బు ఎలా వెనక్కి వస్తుందో చూడడం

డిపాజిట్ పేజీని కాసేపు పక్కన పెట్టి, విత్‌డ్రా పేజీనీ దాని నిబంధనలనూ చదవండి. మనీ లాండరింగ్ నిబంధనల వల్ల చాలా సైట్లు ఒకే సూత్రం పాటిస్తాయి. డబ్బు ఏ దారిలో వచ్చిందో ఆ దారిలోనే తిప్పి పంపుతాయి. కార్డుతో 500 వేస్తే, మొదటి 500 ఆ కార్డుకే వెళ్తుంది. దానిపైన ఉన్న లాభాన్ని మాత్రం బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌లో ఇస్తారు. అంటే మీరు ఈ రోజు ఎంచుకునే దారి, రేపు డబ్బు తీసుకునేటప్పుడు కూడా మీ మెడకి చుట్టుకుంటుంది.

ఇక్కడ మూడు విషయాలు వెతకండి. మొదటిది, మీరు వాడబోయే పద్ధతికి విత్‌డ్రా సౌకర్యం ఉందా లేదా. కొన్ని ప్రీపెయిడ్ కార్డులతో డబ్బు వేయడం కుదురుతుంది కానీ వాటికి వెనక్కి రాదు. అప్పుడు కొత్తగా బ్యాంకు వివరాలిచ్చి, అవి మీవేనని నిరూపించుకోవాలి. రెండోది, కనీస విత్‌డ్రా ఎంత అన్నది. డిపాజిట్‌కి కనీసం 10 అని, విత్‌డ్రాకి కనీసం 100 అని ఉంటే, చిన్న మొత్తాలు లోపలే ఇరుక్కుంటాయి. మూడోది పేరు. ఖాతా మీ పేరు మీద ఉండి, డబ్బు మీ ఆవిడ కార్డు నుంచో మీ తమ్ముడి బ్యాంకు నుంచో వెళ్తే, దాన్ని మూడో వ్యక్తి డిపాజిట్‌గా లెక్కేసి తిప్పి పంపుతారు. కొన్నిసార్లు తీసుకుని, విత్‌డ్రా అడిగినప్పుడు ఆపుతారు. ఇంట్లోవాళ్ల కార్డే కదా అనుకోకండి, వాళ్ల కంప్యూటర్‌కి బంధుత్వాలు తెలియవు.

ఇంకొక్క హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ఎంచుకోగానే కంపెనీ పేరు బదులు ఎవరో వ్యక్తి పేరు మీద ఉన్న ఖాతా నంబరు చూపించినా, ప్రతిసారీ వేరే ఖాతా ఇస్తున్నా, అక్కడితో ఆగిపోండి. ఫీజులు, వేగం గురించి ఆలోచించాల్సిన పని కూడా లేదు.

రెండో పని: కాగితం మీద లెక్క వేయడం

సైటు "ఫీజు లేదు" అన్నప్పుడు అది తన ఫీజు గురించే చెబుతోంది. మీ బ్యాంకు తీసుకునేది, కరెన్సీ మార్పిడిలో పోయేది దానికి సంబంధం లేదు. ఖాతా కరెన్సీ, మీ కరెన్సీ ఒకటే అయితే ఈ గొడవ చాలావరకు ఉండదు. అందుకే ఖాతా తెరిచేటప్పుడే మీ కరెన్సీ ఎంచుకునే వీలుందేమో చూడండి. చాలా చోట్ల తర్వాత మార్చుకోనివ్వరు. కరెన్సీలు వేరైతే మాత్రం అసలు ఖర్చు అక్కడే దాక్కుని ఉంటుంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. మీ డబ్బు యూరోల్లో ఉంది, ఖాతా డాలర్లలో ఉంది, అందులో కచ్చితంగా 1,000 డాలర్లు పడాలి. ఆ రోజు మార్కెట్ రేటు యూరోకి 1.10 డాలర్లు అనుకుందాం. ఏ కోతా లేకపోతే మీకు 909 యూరోలు చాలు. కింద వాడిన శాతాలు లెక్క కోసం అనుకున్నవి. మీ బ్యాంకు టారిఫ్ కాగితంలోని అంకెలు వాటి స్థానంలో పెట్టుకోండి.

కార్డు సంగతి చూస్తే, మీ బ్యాంకు విదేశీ లావాదేవీ ఫీజు 2.5 శాతం అనుకుందాం. 909 మీద అది దాదాపు 23 యూరోలు. మొత్తం 932.

బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌లో మూడు కోతలుంటాయి. మార్కెట్ రేటు కన్నా బ్యాంకు రేటు 1.5 శాతం తక్కువగా ఉంటే, అక్కడ 14 యూరోలు. పంపినందుకు ఫీజు 15. ఇక మూడోది చాలామందికి తెలియదు. మీ బ్యాంకుకీ అవతలి బ్యాంకుకీ నేరుగా సంబంధం లేకపోతే మధ్యలో ఇంకో బ్యాంకు ఉంటుంది, అది దారిలో తన వాటా తీసుకుంటుంది. 20 డాలర్లు తీసుకుందనుకోండి, మీరు 1,000 పంపినా 980 చేరుతుంది. ఆ లోటు కూడా కలిపి పంపాలంటే ఇంకో 18 యూరోలు కావాలి. మొత్తం 956.

వాలెట్‌లో మార్పిడి రేటు తరచుగా అన్నిటికన్నా బరువు. 3.5 శాతం అనుకుంటే 941. వాలెట్‌లోకి బ్యాంకు నుంచి డబ్బు వేస్తే అంతే. కార్డుతో నింపితే దానికి వేరే ఫీజు, అది 1.5 శాతమైతే మొత్తం 955కి చేరుతుంది.

ఇంతవరకు కార్డే చవక. ఇప్పుడు అదే లెక్క 10,000 డాలర్లకి వేయండి. కార్డు ఫీజు శాతం కాబట్టి పది రెట్లయి 227 యూరోలవుతుంది. బ్యాంకులో పంపిన ఫీజు, మధ్య బ్యాంకు కోత పెద్దగా మారవు. రేటు తేడా 136, మిగతావి 33 కలిపి 170 దగ్గర ఆగుతుంది. ఎక్కడో ఒక చోట రెండూ సమానమవుతాయి కదా, ఆ అంకె పట్టుకోవడం తేలికే. బ్యాంకు వైపు స్థిర ఖర్చు 33.18 యూరోలు, శాతాల తేడా 1. కాబట్టి 33.18ని 0.01తో భాగిస్తే 3,318 యూరోలు. అంతకన్నా తక్కువ వేసేటప్పుడు కార్డు, ఎక్కువైతే బ్యాంకు. మీ అంకెలతో మీ గీత ఎక్కడ పడుతుందో ఒకసారి కట్టుకుంటే, బ్యాంకు టారిఫ్ మారేదాకా మళ్లీ లెక్క అక్కర్లేదు. నెలకి 300 చొప్పున ఏడాదంతా బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేసేవాళ్లు ఈ లెక్క వేస్తే గుండె చెరువవుతుంది. మూడు నెలలకోసారి 900 పంపితే స్థిర ఖర్చు మూడో వంతుకి తగ్గుతుంది.

ట్రాన్స్‌ఫర్ ఫారంలో ఖర్చు ఎవరిదన్న చోట OUR, SHA, BEN అని మూడు ఆప్షన్లు ఉండొచ్చు. OUR అంటే ఖర్చంతా మీదే, అవతల పూర్తి మొత్తం చేరాలి. SHA అంటే మీ బ్యాంకు ఫీజు మీది, మిగతాది వచ్చే డబ్బులోంచి కోత. BEN అంటే కోతంతా వచ్చే డబ్బులోంచే. సైటు కచ్చితమైన మొత్తం కోరుతున్నప్పుడు OUR ఫీజు ఎంతో అడిగి, మధ్య బ్యాంకు కోతతో పోల్చుకోండి.

ఇప్పుడు నా క్రెడిట్ కార్డు కథ. ప్రతి వ్యాపారానికీ కార్డు నెట్‌వర్క్‌లో నాలుగంకెల కోడ్ ఒకటి ఉంటుంది. షేర్ల బ్రోకర్లది 6211, జూదం, పందేలది 7995, నగదుతో సమానమైనవి కొనే చోట్లది 6051. వీటిలో కొన్నిటిని కార్డు ఇచ్చిన బ్యాంకు మామూలు కొనుగోలుగా చూడకుండా, ఏటీఎంలో నగదు తీసినట్టు లెక్కేస్తుంది. అలా లెక్కేస్తే వేరే ఫీజు పడుతుంది, మామూలుగా ఉండే వడ్డీ లేని గడువు పోతుంది, మొదటి రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. పాయింట్లూ రావు. క్రెడిట్ కార్డుతో వాలెట్ నింపినా కొన్ని బ్యాంకులు ఇలాగే చూస్తాయి. తప్పించుకునే దారి సులువే: డిపాజిట్లకి డెబిట్ కార్డు వాడండి. క్రెడిట్ కార్డు తప్పదంటే, ముందు బ్యాంకుకి ఫోన్ చేసి ఈ కోడ్ క్యాష్ అడ్వాన్సా కాదా అని అడగండి. అసలు అప్పు డబ్బుని డిపాజిట్ చేయడం నాకు నచ్చదు, ఆ బిల్లు తర్వాత ఇంకా నచ్చదు.

చెల్లించేటప్పుడు "మీ కరెన్సీలోనే చెల్లిస్తారా?" అని స్క్రీన్ అడిగితే, వద్దనండి. అది మర్యాద కోసం అడిగే ప్రశ్న కాదు. మార్పిడి వాళ్లే చేసి, రేటులో తమ లాభం కలుపుకుంటారు. ఖాతా కరెన్సీనే ఎంచుకుంటే కార్డు నెట్‌వర్క్ రేటు వస్తుంది, అది చాలావరకు మార్కెట్ రేటుకి దగ్గరగా ఉంటుంది.

మూడో పని: వేగాన్ని రెండు వైపులా కొలవడం

డిపాజిట్ వేగం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కార్డు, వాలెట్ క్షణాల్లో అయిపోతాయి. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ఒకే దేశంలో తక్షణ చెల్లింపు వ్యవస్థ ఉంటే నిమిషాల్లో, దేశం దాటితే ఒకటి నుంచి ఐదు పనిదినాల్లో చేరుతుంది. శుక్రవారం మధ్యాహ్నం కటాఫ్ సమయం దాటాక పంపితే, సోమవారం దాకా కదలకపోవచ్చు.

కార్డు వేగం వెనక ఒక చిన్న మాయ ఉంది. ఆ క్షణంలో నిజానికి డబ్బు కదలదు. మీ బ్యాంకు ఆ మొత్తాన్ని పక్కన పెట్టి, "ఇస్తాను" అని మాట ఇస్తుంది. ఆ మాట మీద నమ్మకంతో సైటు మీ ఖాతాలో అంకె చూపిస్తుంది. అసలు డబ్బు ఒకటి రెండు రోజుల తర్వాత కదులుతుంది. డిపాజిట్ ఫెయిల్ అయిందని సైటు అంటూ, మీ బ్యాలెన్స్ మాత్రం తగ్గినప్పుడు జరిగేది ఇదే. బ్యాంకు పక్కన పెట్టింది, సైటు తీసుకోలేదు. స్టేట్‌మెంట్‌లో అది పెండింగ్ అని ఉంటే, సాధారణంగా కొన్ని రోజుల్లో దానంతటదే విడుదలవుతుంది. టెన్షన్‌లో వెంటనే మళ్లీ నొక్కకండి. రెండు మొత్తాలు ఇరుక్కుంటాయి, లేదా రెండూ వెళ్లిపోతాయి.

తిరుగు ప్రయాణంలో వరస మారుతుంది. సైటు ఆమోదించాక వాలెట్‌కి అదే రోజు రావచ్చు. కార్డుకి రావడానికి సాధారణంగా కొన్ని పనిదినాలు పడుతుంది. బ్యాంకుకి దాదాపు వెళ్లినంత సమయమే. కానీ వాలెట్‌లో పడిన డబ్బు ఇంకా మీ బ్యాంకులో పడలేదని గుర్తుంచుకోండి. అక్కడి నుంచి బ్యాంకుకి మళ్లీ ఒక రోజు, మళ్లీ ఒక ఫీజు, కరెన్సీ వేరైతే మళ్లీ ఒక మార్పిడి. డిపాజిట్లూ విత్‌డ్రాలూ తరచుగా చేస్తూ, డబ్బుని అదే కరెన్సీలో వాలెట్‌లోనే ఉంచుకునేవాళ్లకే వాలెట్ నిజంగా కలిసొస్తుంది. ఒకసారి వేసి ఏడాది మర్చిపోయేవాళ్లకి కాదు. పైగా చాలాకాలం కదలని ఖాతాల మీద కొన్ని వాలెట్లు నెలనెలా ఫీజు కోస్తాయి.

నాలుగో పని: ఎవరికి ఏం కనిపిస్తుందో తేల్చుకోవడం

గోప్యత అనగానే వాలెట్ అంటారు. అందులో సగమే నిజం. ఎవరి నుంచి దాచాలనుకుంటున్నారో ముందు తేల్చుకోవాలి.

సైటు నుంచి దాచాలంటే వాలెట్ బాగానే పనిచేస్తుంది. దానికి మీ వాలెట్ ఐడీ తెలుస్తుంది, కార్డు నంబరూ బ్యాంకు ఖాతా నంబరూ తెలియవు. రేపు ఆ సైటు డేటా చోరీ అయినా మీ కార్డు మార్చుకోవాల్సిన పని ఉండదు. కార్డు నేరుగా ఇస్తే నంబరు, గడువు తేదీ వాళ్ల దగ్గరో వాళ్ల పేమెంట్ కంపెనీ దగ్గరో ఉంటాయి. సీవీవీని మాత్రం చెల్లింపు ఆమోదం తర్వాత ఎవరూ దాచుకోకూడదని కార్డు పరిశ్రమ భద్రతా ప్రమాణం చెబుతుంది. కాబట్టి కార్డు ఫొటో పంపమని అడిగితే, వెనక వైపు సీవీవీనీ ముందు వైపు మధ్య అంకెలనూ కప్పి పంపండి. నిబంధనలు తెలిసిన సైటు ముందు ఆరు, చివరి నాలుగు అంకెలతో సరిపెట్టుకుంటుంది. మీ బ్యాంకు వర్చువల్ కార్డు ఇస్తుంటే కార్డుతోనే ఈ రక్షణ చాలావరకు దొరుకుతుంది. కానీ విత్‌డ్రా దానికే రావాలని మర్చిపోకండి. ఒక్కసారి వాడి పారేసే వర్చువల్ నంబరుతో డిపాజిట్ చేస్తే, వాపసు వచ్చే రోజుకి ఆ నంబరు ఉండదు.

బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌లో మీ పూర్తి పేరు, ఖాతా నంబరు, ఒక్కోసారి చిరునామా కూడా అవతలికి వెళ్తాయి. కానీ ఖాతా నంబరు తెలిసినంత మాత్రాన డబ్బు లాగడం కార్డు వివరాలతో లాగినంత సులువు కాదు. గోప్యత తక్కువ, దొంగతనం భయమూ తక్కువ. ఈ రెండింటినీ కలిపి చూసేవాళ్లు చాలామంది.

బ్యాంకు నుంచి దాచాలంటే? వాలెట్ వాడితే స్టేట్‌మెంట్‌లో సైటు పేరు బదులు వాలెట్ పేరు పడవచ్చు. కానీ ఎప్పుడూ అలాగే ఉండదు, కొన్ని వాలెట్లు చివరి వ్యాపారి పేరు కూడా పంపుతాయి. పైగా ఇప్పుడు మీ చరిత్రంతా వాలెట్ కంపెనీ దగ్గర పేరుకుంటుంది. దానికి మీ గుర్తింపు కార్డు, సెల్ఫీ, అన్ని సైట్ల జాబితా తెలుసు. గోప్యత పెరగలేదు, చూసేవాళ్లు మారారు అంతే. రేపు రుణానికో వీసాకో డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూపించాల్సి వస్తే, వాలెట్ స్టేట్‌మెంట్ కూడా జత చేయాల్సి వస్తుంది.

దాపరికానికి ఇంకో ధర ఉంది. కార్డుతో నేరుగా చెల్లించి సైటు మోసం చేస్తే, బ్యాంకు ద్వారా చార్జ్‌బ్యాక్, అంటే ఆ చెల్లింపుని రద్దు చేసి డబ్బు వెనక్కి ఇప్పించమని, అడగొచ్చు. దానికి గడువు చాలా సందర్భాల్లో 120 రోజులు. అదే కార్డుతో వాలెట్ నింపి, వాలెట్ నుంచి సైటుకి పంపితే, కార్డు దృష్టిలో మీరు కొన్నది వాలెట్ బ్యాలెన్స్, అది మీకు అందేసింది. ఇక చార్జ్‌బ్యాక్ నిలబడడం కష్టం. బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌ది ఇంకా కఠినం. మీరే పంపమన్న డబ్బుని బ్యాంకు వెనక్కి అడగగలదు కానీ, అవతలివాళ్లు ఒప్పుకుంటేనే వస్తుంది. కాబట్టి కొత్త సైటుకి మొదటి డిపాజిట్ చేసేటప్పుడు, ఫీజు కొంచెం ఎక్కువైనా నేను డెబిట్ కార్డే వాడతాను. నమ్మకం కుదిరాక పెద్ద మొత్తాలు బ్యాంకులో పంపుతాను.

ఐదో పని: చిన్న మొత్తంతో రానుపోను చూడడం

కనీస విత్‌డ్రా కన్నా కొంచెం ఎక్కువ వేయండి. సైటు గుర్తింపు పత్రాలు అడగకపోయినా అప్పుడే ఇచ్చేయండి, పెద్ద మొత్తం లోపల ఉన్నప్పుడు ఇవ్వడం కన్నా నయం. తర్వాత ఆ మొత్తాన్ని వెనక్కి అడగండి. కొన్ని సైట్లు వాడని డిపాజిట్‌ని వెనక్కి తీస్తే ఫీజు వేస్తాయి, ఆ షరతు ముందే చదవండి. మీ బ్యాంకు నుంచి పోయింది ఎంత, తిరిగి పడింది ఎంత, ఏ తేదీన అన్న మూడు అంకెలు రాసుకోండి. ప్రకటనల్లోని ఫీజుల కన్నా ఆ తేడాయే మీ అసలు ఫీజు.

డబ్బు దారిలో ఆగితే

"డబ్బు రాలేదు" అని చాట్‌లో రాస్తే, "48 గంటలు ఆగండి" అనే జవాబే వస్తుంది. నంబరుతో అడగండి. కార్డుకి వాపసు పంపామని సైటు అంటే, ARN ఇవ్వమనండి. అది 23 అంకెల నంబరు, దాంతో మీ బ్యాంకు ఆ వాపసుని వెతకగలదు. ఆ నంబరు ఇవ్వలేకపోతే, వాళ్లు ఇంకా పంపకపోయి ఉండొచ్చు. విదేశీ బ్యాంకు ట్రాన్స్‌ఫర్ అయితే, పంపిన బ్యాంకుని UETR అడగండి. మధ్యలో గీతలతో 36 అక్షరాలు ఉంటుంది. డబ్బు ఏ బ్యాంకు దాకా వెళ్లిందో, ఎక్కడ ఎంత కోసుకున్నారో చాలా సందర్భాల్లో దాంతో తెలుస్తుంది.

నేను పంపిన ట్రాన్స్‌ఫర్ ఒకటి ఇలాగే తొమ్మిది రోజులు కనిపించలేదు. మా బ్యాంకుని తిట్టుకుంటూ UETRతో వెతికిస్తే, డబ్బు రెండో రోజే కంపెనీ బ్యాంకుకి చేరిందని తేలింది. డిపాజిట్ పేజీలో ఖాతా నంబరు కింద ఇచ్చిన రెఫరెన్స్ కోడ్‌ని ఫారంలో రాయడం నేనే మర్చిపోయాను. ఎవరి డబ్బో తెలియక, వాళ్లు దాన్ని గుర్తుతెలియని డిపాజిట్లలో పెట్టారు. ట్రాన్స్‌ఫర్ రసీదు పంపాక, అదే రోజు సాయంత్రం ఖాతాలో పడింది.